"రివ్యూ" అంటే తగ్గుతుందనుకోకండి! యూకే షాపు లీజుల్లో అద్దె పైకి మాత్రమే ఎందుకు పోతుంది?

ఇంగ్లండ్‌లో షాపో, రెస్టారెంటో, చిన్న టిఫిన్ సెంటరో పెడదామని చూస్తున్న మనవాళ్ల కోసం ఈ ఎపిసోడ్. అక్కడ ఉన్న కజిన్‌కో ఫ్రెండ్‌కో డబ్బు సర్దుతున్నవాళ్లు కూడా చూడండి, ఎందుకంటే ఆ డబ్బు ఎటు పోతుందో తెలియాలి కదా.

లెస్టర్ నుంచి ఒక వ్యూయర్ నాకు లీజులో రెండు పేజీల ఫోటోలు పంపారు. నడుస్తున్న ఒక చిన్న రెస్టారెంట్‌ని ఆవిడ టేకోవర్ చేయబోతున్నారు. లీజు మొత్తం 15 ఏళ్లు, అందులో 4 ఏళ్లు అయిపోయాయి. ప్రస్తుత అద్దె ఏడాదికి 28,000 పౌండ్లు. ఆవిడ అడిగింది ఒక్కటే: "అన్నా, 5వ ఏడాది రెంట్ రివ్యూ అని రాసి ఉంది. మార్కెట్ డల్‌గా ఉంది కాబట్టి తగ్గుతుంది కదా?"

తగ్గదండి. ఆ లీజులో తగ్గే ఛాన్సే లేదు. ఎంత పెరుగుతుందనేది మాత్రం ఆ రెండు పేజీల్లో ఉన్న కొన్ని పదాల మీద ఆధారపడి ఉంటుంది. ఆ పదాల విలువ 5 ఏళ్లలో 40,000 పౌండ్లు దాటుతుంది. ఆవిడ పర్మిషన్‌తో, నంబర్లు కాస్త గుండ్రం చేసి, లెక్క మొత్తం మీ ముందు పెడతాను.

మన దగ్గర ఉన్నట్టు ఉండదు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో షాపు తీసుకుంటే అగ్రిమెంట్‌లో సాధారణంగా ఒక పర్సెంటేజ్ ఉంటుంది. ఏడాదికి 5 శాతం అనో, మూడేళ్లకు 15 శాతం అనో రాసుకుంటాం. నచ్చినా నచ్చకపోయినా ఎంత కట్టాలో మొదటి రోజే తెలిసిపోతుంది.

ఇంగ్లండ్‌లో పొడవైన కమర్షియల్ లీజుల్లో చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి వేరు. సాధారణంగా 5 ఏళ్లకోసారి అద్దెను "ఓపెన్ మార్కెట్ రెంట్"కి మారుస్తారు. అంటే ఆ రోజున ఆ షాపుని కొత్తగా అద్దెకిస్తే ఎంత వస్తుందో అంత. వినడానికి న్యాయంగానే ఉంది. అసలు మెలిక ఆ తర్వాతి లైన్‌లో ఉంటుంది. కొత్త అద్దె అంటే ఇప్పటి అద్దె, మార్కెట్ అద్దె, ఈ రెంటిలో "ఏది ఎక్కువైతే అది" అని రాస్తారు. ఇదే అప్‌వర్డ్-ఓన్లీ రివ్యూ. క్లాజులో "అప్‌వర్డ్ ఓన్లీ" అనే మాట కనపడకపోవచ్చు. "హయ్యర్ ఆఫ్", "గ్రేటర్ ఆఫ్", "నాట్ లెస్ దాన్" లాంటి పదాలు వెతకండి. కోడ్ రాసేవాళ్లకు ఒక్క లైన్‌లో చెప్పాలంటే ఇది:

```
new_rent = max(current_rent, market_rent)
```

ఇందులో ఇంకో సంగతి గమనించండి. రివ్యూలో వచ్చిన కొత్త అద్దె, తర్వాతి రివ్యూకి current_rent అయిపోతుంది. అంటే 5వ ఏడాది మార్కెట్ బాగుండి అద్దె పెరిగితే, 10వ ఏడాది మార్కెట్ పడిపోయినా ఆ పెరిగిన దగ్గరే ఆగుతుంది. ఎక్కడమే తప్ప దిగడం లేని మెట్లన్నమాట.

లీజులో ఒక ఊహాత్మక షాపు ఉంటుంది

ఇప్పుడు మార్కెట్ అద్దె ఎలా తేలుస్తారో చూద్దాం. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. వాళ్లు లెక్కగట్టేది మీ బిజినెస్‌కి కాదు. ఖాళీగా ఉన్న ఇదే షాపుని, ఇష్టపడి ఇచ్చే ఓనర్, ఇష్టపడి తీసుకునే అద్దెదారు, రివ్యూ తేదీన, ఇలాంటి షరతుల మీదే మాట్లాడుకుంటున్నారు అని ఊహించుకుంటారు. దీన్ని హైపోథెటికల్ లీజు అంటారు. అందులో ఏమేం ఉన్నాయనుకోవాలో, ఏమేం పట్టించుకోకూడదో మీ లీజే చెబుతుంది. అనుకోవాల్సినవి అసంప్షన్స్, పక్కన పెట్టాల్సినవి డిస్‌రిగార్డ్స్.

బాగా రాసిన లీజులో మామూలుగా మూడు డిస్‌రిగార్డ్స్ ఉంటాయి. ఒకటి, మీరు ఇప్పటికే అందులో ఉన్నారన్న విషయం. మీకు ఆ షాపు వదలడం ఇష్టం లేదు కాబట్టి ఎక్కువ ఇస్తారులే అని ఓనర్ వాదించకూడదు. రెండోది, మీ గుడ్‌విల్. మీ దోసె కోసం జనం క్యూ కడుతున్నారంటే ఆ పేరు మీది, షాపుది కాదు. మూడోది, మీరు సొంత డబ్బుతో, ఓనర్ అనుమతితో చేయించిన ఇంప్రూవ్‌మెంట్స్.

ఈ మూడోది లేకపోతే ఏమవుతుందో 1978లో పాన్స్‌ఫర్డ్ వర్సెస్ హెచ్‌ఎంఎస్ ఏరోసోల్స్ కేసులో తేలింది. ఫ్యాక్టరీ తగలబడిపోతే మళ్లీ కట్టారు. ఆ సందర్భంలో అద్దెదారులు ఓనర్ అనుమతితోనే 30,000 పౌండ్లకు పైగా సొంత డబ్బు పెట్టి దాన్ని మెరుగుపరిచారు. రివ్యూ క్లాజులో మాత్రం ఆ ప్రాంగణానికి "రీజనబుల్ రెంట్" అని మాత్రమే ఉంది. ఇంప్రూవ్‌మెంట్స్ తీసేయాలని ఎక్కడా లేదు. హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో ముగ్గురు జడ్జీలు ఓనర్ వైపు, ఇద్దరు అద్దెదారు వైపు నిలబడ్డారు. తాము డబ్బు పెట్టి చేయించుకున్న పనికి తామే అద్దె కట్టాల్సి వచ్చింది. "మరీ అంత అన్యాయంగా రాస్తారా" అనుకోకండి. కాగితం మీద ఏముంటే కోర్టు అదే చదువుతుంది.

ఇప్పుడు మన షాపు లెక్క

లెస్టర్ షాపుకి వద్దాం. ముందువైపు వెడల్పు 20 అడుగులు. లోతు మొదట 40 అడుగులు ఉండేది. పాత అద్దెదారు ఓనర్ దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకుని, వెనక 10 అడుగులు సొంత ఖర్చుతో పెంచాడు. ఇప్పుడు మొత్తం లోతు 50 అడుగులు.

వీధి షాపుల్ని అక్కడి సర్వేయర్లు మొత్తం చదరపు అడుగులతో గుణించి వదిలేయరు. షాపులో రోడ్డుకి దగ్గరగా ఉన్న భాగానికే ఎక్కువ విలువ, లోపలికి వెళ్లేకొద్దీ తక్కువ. అందుకని 20 అడుగుల లోతు చొప్పున జోన్లుగా కోస్తారు. మొదటి 20 అడుగులు జోన్ ఏ, పూర్తి విలువ. తర్వాతి 20 అడుగులు జోన్ బీ, సగం విలువ. ఆ తర్వాతిది జోన్ సీ, పావు విలువ. పెద్ద రెస్టారెంట్లు, ఆఫీసులు, గోడౌన్లకు మొత్తం విస్తీర్ణం మీదే చూస్తారు. మనది మామూలు హై స్ట్రీట్ షాపు కాబట్టి జోన్ల లెక్కే.

జోన్ ఏ 20 ఇంటూ 20, అంటే 400. జోన్ బీ కూడా 400, సగం చేస్తే 200. జోన్ సీ 20 ఇంటూ 10, అంటే 200, పావు చేస్తే 50. మొత్తం 650 యూనిట్లు.

ఇప్పుడు రేటు కావాలి. అది పక్కన ఈమధ్య జరిగిన డీల్స్ నుంచి వస్తుంది. వాటిని కంపారబుల్స్ అంటారు. అదే వీధిలో ఇంకో షాపు 5 ఏళ్ల లీజుకి పోయింది. జోన్ ఏ రేటు చదరపు అడుగుకి 60 పౌండ్లు పడింది. ఓనర్ ఏజెంట్ దీన్ని పట్టుకుని 650 ఇంటూ 60, మొత్తం 39,000 పౌండ్లు అంటాడు. 28,000 నుంచి ఒక్కసారిగా 39,000. లెక్కలో తప్పులేదు, నంబర్ చూసి చాలామంది ఇక్కడే భయపడి సంతకం పెట్టేస్తారు.

ఆగండి. ఆ 60 నిజమైన రేటేనా? ఆ షాపు తీసుకున్నాయనకి ఓనర్ మొదటి 12 నెలలు అద్దె లేకుండా ఇచ్చాడు. అందులో ఒక 3 నెలలు షాపు సర్దుకోవడానికి ఎవరికైనా ఇచ్చేవే. మిగతా 9 నెలలు మాత్రం అసలైన డిస్కౌంట్. పేపర్ మీద రేటు పెద్దదిగా కనపడాలని ఓనర్లు అద్దె తగ్గించకుండా ఇలా ఉచిత నెలలు ఇస్తారు, ఎందుకంటే రేపు మీలాంటివాళ్ల రివ్యూలో ఆ పెద్ద నంబర్ పనికొస్తుంది. 60 నెలల లీజులో 9 నెలలు అంటే 15 శాతం. 60లో 15 శాతం తీసేస్తే 51. దీన్ని నెట్ ఎఫెక్టివ్ రెంట్ అంటారు, పైకి కనిపించే 60ని హెడ్‌లైన్ రెంట్ అంటారు. ఎన్ని నెలలు తీసేయాలి, ఎన్నేళ్ల మీద పంచాలి అన్నదాని మీద ఇద్దరు సర్వేయర్లు పోట్లాడుకోవచ్చు. అయినా దారి ఇదే. 650 ఇంటూ 51, మొత్తం 33,150.

ఇక్కడ మళ్లీ మీ లీజు చూడాలి. కొన్ని లీజుల్లో "అద్దె లేని కాలం అప్పటికే అయిపోయిందని అనుకోవాలి" అని ఒక అసంప్షన్ దూర్చి ఉంటారు. ఓనర్‌కి హెడ్‌లైన్ రేటు దక్కడానికే ఆ ఏర్పాటు. 1994లో ఇంగ్లండ్ అప్పీల్ కోర్టు ఇలాంటి నాలుగు లీజుల్ని కలిపి విన్నది. పదాలు అస్పష్టంగా ఉంటే అద్దెదారుకి మరీ అన్యాయమయ్యే అర్థం తీసుకోకూడదంది. కానీ చాలా స్పష్టంగా రాసిన ఒక లీజులో మాత్రం ఓనర్ మాటే నెగ్గింది. అదృష్టం కొద్దీ మన వ్యూయర్ లీజులో అలాంటి లైన్ లేదు.

ఇంకో మెట్టు ఉంది. వెనక పెంచిన 10 అడుగులు ఇంప్రూవ్‌మెంట్ కదా, దాన్ని తీసేయాలి. కానీ పెంచింది ఆవిడ కాదు, పాత అద్దెదారు. అందుకే డిస్‌రిగార్డ్ క్లాజులో "టెనెంట్" అని మాత్రమే ఉందా, లేక "ప్రిడిసెసర్స్ ఇన్ టైటిల్" అని కూడా ఉందా అన్నది చూడాలి. ఆవిడ లీజులో ఆ మాట ఉంది. అంటే ఇదే లీజులో ముందు ఉన్నవాళ్లు చేసిన పని కూడా లెక్కలోంచి పోతుంది. జోన్ సీలోని 50 యూనిట్లు తీసేస్తే మిగిలేవి 600. 600 ఇంటూ 51, మొత్తం 30,600.

చూశారా, అదే షాపు, అదే వీధి, అదే కంపారబుల్. మొదట 39,000, తర్వాత 33,150, చివరికి 30,600. మొదటి నంబర్‌కీ చివరి నంబర్‌కీ తేడా ఏడాదికి 8,400. 5 ఏళ్లకు 42,000 పౌండ్లు.

దీనికి ఒక షరతు. వెనక గది అద్దెదారు కట్టిందేనని నిరూపించాలి. లైసెన్స్ టు ఆల్టర్ అనే అనుమతి పత్రం, దాంతో ఉన్న ప్లాన్, బిల్లులు పాత అద్దెదారు దగ్గర నుంచి ఇప్పుడే తీసుకోవాలి. ఆయన డబ్బు తీసుకుని వెళ్లిపోయాక ఫోన్ ఎత్తుతాడన్న గ్యారంటీ లేదు. ఇంకోటి, ఆ పని చేయడం లీజులోనో అనుమతి పత్రంలోనో ఓనర్‌కి ఒప్పుకున్న బాధ్యత అయితే, చాలా లీజుల్లో దానికి డిస్‌రిగార్డ్ వర్తించదు. కాబట్టి ఆ పత్రం చేతికి వచ్చాక సొలిసిటర్‌కి చూపించాలి.

మరి మార్కెట్ పడిపోతే?

అదే లెక్కని వేరే రేటుతో చేద్దాం. వీధి డల్ అయి నిజమైన రేటు 40 పౌండ్లే అనుకోండి. 600 ఇంటూ 40, మొత్తం 24,000. కానీ max ఫంక్షన్ గుర్తుందా? 28,000, 24,000లో ఎక్కువేది? 28,000. ఆవిడ ఏడాదికి 4,000 చొప్పున 5 ఏళ్లలో 20,000 పౌండ్లు మార్కెట్ కంటే ఎక్కువ కడతారు. పక్కింట్లో అదే సైజు షాపు కొత్తగా తీసుకున్నవాడు తక్కువకి నడుపుతాడు, ఇద్దరూ ఒకే రేటుకి ఇడ్లీ అమ్మాలి.

దాని దెబ్బ అక్కడితో ఆగదు. మధ్యలో మానేసి లీజుని ఇంకొకరికి అమ్ముదామంటే, మార్కెట్ కంటే ఎక్కువ అద్దె ఉన్న లీజుని ఎవరూ డబ్బిచ్చి కొనరు. కొన్నిసార్లు మనమే ఎదురు డబ్బిచ్చి వదిలించుకోవాలి. దాన్ని రివర్స్ ప్రీమియం అంటారు. అందుకే టేకోవర్‌కి పెద్ద మొత్తం అడిగితే ముందు చూడాల్సింది గల్లాపెట్టె కాదు, ఇప్పటి అద్దె మార్కెట్‌కి పైన ఉందా కింద ఉందా అని.

ఒక విషయం గుర్తుంచుకోండి. ఈ "తగ్గదు" అన్న గీత లీజు నడుస్తున్నంతవరకే. ఇంగ్లండ్, వేల్స్‌లో 1954 ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ రక్షణ ఉన్న లీజు అయితే, గడువు ముగిశాక రెన్యువల్‌లో కోర్టు అప్పటి మార్కెట్ అద్దెనే చూస్తుంది. అది పాత అద్దె కంటే తక్కువ కూడా కావచ్చు. రివ్యూ వేరు, రెన్యువల్ వేరు. కానీ చాలా లీజుల్లో మొదట్లోనే ఆ రక్షణ వదులుకున్నట్టు సంతకం చేయిస్తారు. మీదాంట్లో అలా ఉందో లేదో అడగండి.

నోటీసు వచ్చాక ఏం జరుగుతుంది?

ఓనర్ ఏజెంట్ ఒక నంబర్‌తో నోటీసు పంపుతాడు. దాన్ని టేబుల్ మీద పడేయకండి. కొన్ని పాత లీజుల్లో ఫలానా రోజుల్లోపు కౌంటర్ నోటీసు ఇవ్వకపోతే ఓనర్ చెప్పిన నంబరే ఖాయం అని రాసి ఉంటుంది. అలా ఉంటే 39,000 అనే కోరిక, మీ మౌనం వల్ల అద్దెగా మారిపోతుంది.

రివ్యూ తేదీ దాటిపోయింది, ఓనర్ ఏమీ అడగలేదు, బతికిపోయాం అనుకుంటారు కొందరు. అదీ కుదరదు. యునైటెడ్ సైంటిఫిక్ హోల్డింగ్స్ వర్సెస్ బర్న్‌లీ కేసులో 1977లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దీన్ని తేల్చింది. లీజులో వేరేగా చెప్పకపోతే రివ్యూ గడువులు కఠినమైనవి కావు. ఓనర్ ఆలస్యంగా కూడా మొదలుపెట్టొచ్చు. ఈలోపు మీరు పాత అద్దె కడుతూ ఉంటారు. నంబర్ తేలాక, రివ్యూ తేదీ నుంచి తేడా మొత్తం, సాధారణంగా వడ్డీతో కట్టాలి. మన లెక్కలో 28,000కీ 30,600కీ తేడా 2,600. 18 నెలలు ఆలస్యమైతే 3,900 పౌండ్లు ఒకేసారి. టేకోవర్ సమయానికి ఇలాంటి రివ్యూ పెండింగ్‌లో ఉంటే, ఆ బకాయి ఎవరు కట్టాలో అమ్మకపు ఒప్పందంలోనే రాయించుకోండి.

ఇద్దరూ ఒక నంబర్ మీద ఒప్పుకోకపోతే మూడో వ్యక్తి దగ్గరకి వెళ్తుంది. చాలా లీజుల్లో ఆర్‌ఐసీఎస్ అనే సర్వేయర్ల సంస్థ ప్రెసిడెంట్ ఆ వ్యక్తిని నియమిస్తారు. ఆయన ఆర్బిట్రేటర్ అయితే ఇద్దరూ పెట్టిన ఆధారాల మీద తీర్పు ఇస్తారు. ఇండిపెండెంట్ ఎక్స్‌పర్ట్ అయితే తన సొంత అనుభవం కూడా వాడొచ్చు. ఏది అన్నది లీజులోనే ఉంటుంది.

ఇందులో అద్దె కంటే ఖర్చులే భయపెడతాయి. ఆర్బిట్రేషన్‌లో దానికి ఒక కవచం ఉంది, పేరు కాల్డర్‌బ్యాంక్ ఆఫర్. ఉదాహరణకి మీరు ముందే 31,000కి సెటిల్ అవుదామని లెటర్ పంపుతారు. అద్దె తేలేదాకా ఆ లెటర్ ఆర్బిట్రేటర్‌కి చూపించకూడదు, ఖర్చుల విషయం వచ్చినప్పుడే బయటపెడతారు. చివరికి 30,600 తేలిందనుకోండి. మీరు ఇస్తానన్నదే ఎక్కువ, ఓనర్ అనవసరంగా లాగాడు. అప్పుడు ఆ ఆఫర్ తర్వాతి ఖర్చులు సాధారణంగా ఓనర్ మీద పడతాయి. అందుకే ఆఫర్ త్వరగా, సరైన లెక్కతో పంపడం ముఖ్యం.

చట్టం మారుతోందా?

ఐర్లండ్ 2010 ఫిబ్రవరి 28 నుంచి కొత్త లీజుల్లో అప్‌వర్డ్-ఓన్లీని ఆపేసింది. ఇంగ్లండ్, వేల్స్‌కి కూడా అలాంటి నిషేధాన్ని 2025 జులైలో పార్లమెంట్‌లో పెట్టిన ఇంగ్లిష్ డెవల్యూషన్ అండ్ కమ్యూనిటీ ఎంపవర్‌మెంట్ బిల్లులో ప్రతిపాదించారు. కానీ గురి కొత్త లీజుల మీదే. లెస్టర్ వ్యూయర్ తీసుకుంటున్నది 4 ఏళ్ల కిందటి లీజు, టేకోవర్ చేసినంత మాత్రాన అది కొత్తదైపోదు. "చట్టం వస్తోంది, ఏం పర్లేదు" అని ఏ ఏజెంట్ అన్నా నమ్మకండి.

కొత్త లీజు మాట్లాడుకునేవాళ్లు రివ్యూ రెండువైపులా ఉండాలని అడగండి. కుదరకపోతే పెరుగుదలకి ఒక గరిష్ఠ పరిమితి, అదీ కాకపోతే కొత్త అద్దె తేలిన తర్వాత ఖాళీ చేసి వెళ్లే బ్రేక్ హక్కు అడగండి. పాత లీజు తీసుకునేవాళ్లు ఆ పదాల్ని మార్చలేరు, టేకోవర్ రేటుని మార్చగలరు. నేను ఆ వ్యూయర్‌కి చెప్పిందీ అదే: అద్దె 30,600 అవుతుందనుకుని బిజినెస్ లెక్క వేయండి, లైసెన్స్ టు ఆల్టర్ చేతికొచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి, రెండు పేజీలూ అక్కడి సర్వేయర్‌కి ఒకసారి చూపించండి.

ఈ వారానికి ఇంతే అండి. వచ్చే ఎపిసోడ్‌లో లీజు అయిపోయాక వచ్చే రిపేర్ల బిల్లు గురించి మాట్లాడుకుందాం. ఉంటాను.